సైక్లిన్ బి1 ఒక్కటే ఎందుకు మాయమవుతుంది, ఎంజీ132 ఫలితంతో ఎంతవరకు చెప్పవచ్చు

ప్రశ్న: "హీలా కణాలను నొకొడజోల్‌తో ఆపి, మందు కడిగేశాక గంటన్నర, రెండు గంటల్లో సైక్లిన్ బి1 బ్యాండ్ దాదాపు కనిపించకుండా పోయింది. దానితోనే అంటిపెట్టుకుని ఉండే సీడీకే1 మాత్రం అలాగే ఉంది. ఎంజీ132 కలిపితే సైక్లిన్ నిలిచిపోయింది. కణం ఇంత కచ్చితంగా ఒక్క ప్రోటీన్‌నే, సరిగ్గా ఆ సమయానికే ఎలా తీసేస్తుంది? ఎంజీ132 ఫలితం ఒక్కటే చూపి 'యుబిక్విటిన్ ద్వారా నాశనమవుతోంది' అని థీసిస్‌లో రాయవచ్చా?"

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: రాయకూడదు. ఎంజీ132 అడ్డుకునేది కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రమైన ప్రోటియాజోమ్‌ను, కనుక ఆ ఫలితం ఆధారంగా దాని ప్రమేయం ఉండే అవకాశం ఉందని మాత్రమే చెప్పవచ్చు, నాశనం కావలసిన ప్రోటీన్‌కు గుర్తుగా అతికే యుబిక్విటిన్ సంగతి విడిగా చూపించాలి. ఎందుకో తెలియాలంటే మొదటి ప్రశ్నకు జవాబు వివరంగా తెలియాలి కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ప్రోటియాజోమ్ ఏ ప్రోటీన్‌ను ముక్కలు చేయాలో తానుగా ఎంచుకోదని మొదట గుర్తుంచుకోవాలి. ఎంపిక అంతకుముందే, యుబిక్విటిన్ అతికే దశలో జరిగిపోతుంది. యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, బరువు సుమారు 8.5 కిలోడాల్టన్లు. ఈ1 అనే ఎంజైము ఒక ఏటీపీని ఖర్చుచేసి యుబిక్విటిన్ చివరి గ్లైసిన్‌ను తన సిస్టీన్‌కు అధికశక్తి గల థయోఎస్టర్ బంధంతో తగిలించుకుంటుంది. అక్కడినుంచి అది ఈ2 ఎంజైము సిస్టీన్ మీదికి మారుతుంది. చివరికి ఈ3 అనే లైగేజ్ ఒకవైపు ఈ2ను, మరోవైపు లక్ష్య ప్రోటీన్‌ను పట్టుకుని రెండింటినీ దగ్గరకు చేరుస్తుంది, అప్పుడు యుబిక్విటిన్ గ్లైసిన్ లక్ష్య ప్రోటీన్‌లోని ఒక లైసిన్‌కు అతుక్కుంటుంది. మనిషి కణాల్లో ఈ1లు రెండే ఉంటే ఈ2లు నలభై వరకు, ఈ3లు ఆరువందలకు పైగా ఉన్నాయి. ఏ ప్రోటీన్ పోవాలి, ఏది ఉండాలి అనే తీర్పు ప్రధానంగా ఈ3ల చేతిలో ఉందని ఈ సంఖ్యలే చెబుతున్నాయి.

ఒక్క యుబిక్విటిన్ అతికితే సాధారణంగా సరిపోదు. యుబిక్విటిన్‌లోనే ఏడు లైసిన్లున్నాయి, వాటిలో ఒకదానికి మరో యుబిక్విటిన్, దానికి ఇంకొకటి చేరుతూ గొలుసు పెరుగుతుంది. 48వ లైసిన్ ద్వారా అల్లుకున్న గొలుసు ప్రోటియాజోమ్‌కు దారిచూపుతుందనీ, అందులో కనీసం నాలుగు యుబిక్విటిన్లు ఉండాలనీ పాఠ్యపుస్తకాల్లో చదివి ఉంటారు. అది పరీక్షనాళికలో శుద్ధిచేసిన పదార్థాలతో తేలిన విషయం, నిజమే, కానీ దాన్ని అన్నిచోట్లా వర్తించే నియమంగా తీసుకోకండి. మీ సైక్లిన్ బి1 విషయంలోనే 11వ లైసిన్ ద్వారా అల్లుకున్న గొలుసులు ముఖ్యపాత్ర వహిస్తాయి, పైగా ఒకే పొడవాటి గొలుసుకు బదులు అనేక లైసిన్ల మీద పొట్టి గొలుసులు ఏర్పడినా ప్రోటియాజోమ్ దాన్ని గుర్తుపడుతుంది.

ఇక సీడీకే1 ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు ప్రోటియాజోమ్ నిర్మాణంలోనే జవాబుంది. దాని నడిమి భాగం 20ఎస్, ఏడేసి ఉపభాగాల ఉంగరాలు నాలుగు ఒకదానిపై ఒకటి పేర్చిన పీపా లాంటిది. కోసే స్థానాలన్నీ లోపలివైపే ఉన్నాయి. బయటి ద్వారం ఎంత ఇరుకంటే ముడుచుకుని ఉన్న ప్రోటీన్ అందులో పట్టదు. దానిమీద టోపీలా కూర్చునే 19ఎస్ భాగం యుబిక్విటిన్ గొలుసును పట్టుకుంటుంది. అందులోని ఆరు ఏటీపేజ్‌లు ప్రోటీన్‌లో వదులుగా వేలాడే ఒక కొసను దొరకబుచ్చుకుని, ఏటీపీ ఖర్చుచేస్తూ, సూది బెజ్జంలోకి దారం లాగినట్టు లోపలికి లాగుతాయి. లాగే కొద్దీ ప్రోటీన్ ముడతలు విప్పుకుంటుంది. అదే సమయంలో ఆర్‌పీఎన్11 అనే ఉపభాగం యుబిక్విటిన్ గొలుసును మొదలంటా కోసి బయటకు వదిలేస్తుంది, కనుక యుబిక్విటిన్ వృథా కాకుండా మళ్లీ వాడకంలోకి వస్తుంది.

గొలుసు అతికింది సైక్లిన్ మీద, లాగడానికి వీలైన వదులైన కొస ఉన్నదీ సైక్లిన్‌కే. లాగుతున్నప్పుడు సైక్లిన్ తన ఆకారం కోల్పోతుంది, దాంతో సీడీకే1 పట్టు వదిలిపోయి విడిగా బయట మిగిలిపోతుంది. బ్లాట్‌లో సీడీకే1 బ్యాండ్ చెక్కుచెదరకుండా కనిపించినా, సైక్లిన్ లేని సీడీకే1కు ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అతికించే కైనేజ్‌గా పనిచేసే శక్తి లేదు. అందుచేత సీడీకే1 మొత్తాన్ని కొలిచి దాని చురుకుదనం గురించి ఏమీ చెప్పలేము. చెప్పాలంటే సైక్లిన్ బి1తో పాటు హిస్టోన్ హెచ్3లో పదో సెరిన్ ఫాస్ఫోరిలేషన్ లాంటి మైటోసిస్ గుర్తును అదే బ్లాట్ మీద చూపడం మంచిది.

సైక్లిన్‌ను ఎంచుకునే ఈ3 పేరు అనాఫేజ్ ప్రమోటింగ్ కాంప్లెక్స్, అందరం ఏపీసీ/సీ అంటాము. సుమారు 1.2 మెగాడాల్టన్ల భారీ యంత్రం అది. చివరనున్న 'సీ' సైక్లోజోమ్‌కు గుర్తు, ఎందుకంటే 1995లో దీన్ని రెండు బృందాలు విడివిడిగా గుర్తించి రెండు పేర్లు పెట్టాయి. అందులో ఒకటి, యుబిక్విటిన్ వ్యవస్థకుగాను 2004లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని ఆరన్ చీకనోవర్, అర్విన్ రోజ్‌లతో పంచుకున్న అవ్రామ్ హెర్ష్‌కో బృందం. సైక్లిన్ సంగతి అంతకన్నా పాతది. 1982 వేసవిలో వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లను ఫలదీకరించి, రేడియోధార్మిక మెథియోనిన్ ఇచ్చి, పది నిమిషాలకోసారి నమూనా తీసి జెల్ మీద నడిపాడు. మిగిలిన బ్యాండ్లన్నీ సమయంతో పాటు ముదురుతుంటే ఒక్క బ్యాండ్ మాత్రం ముదిరి, గుడ్డు విభజన చెందే వేళకు పలచబడి, మళ్లీ ముదిరింది. మీ బ్లాట్‌లో కనిపించినది ఆ దృశ్యమే.

ఏపీసీ/సీ సైక్లిన్ బి1ను గుర్తుపట్టేది దాని మొదటి భాగంలో ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న వరుసను బట్టి. దీన్ని డిస్ట్రక్షన్ బాక్స్, క్లుప్తంగా డీ-బాక్స్ అంటారు. మొదట ఆర్జినిన్, ఏవైనా రెండింటి తర్వాత ల్యూసిన్, చివరన తరచుగా ఆస్పరజిన్ ఉంటాయి. మనిషి సైక్లిన్ బి1లో ఇది 42వ స్థానంలో ఉన్న ఆర్జినిన్‌తో మొదలవుతుంది. ఈ వరుసను ఏపీసీ/సీ ఒంటరిగా పట్టుకోలేదు, సీడీసీ20 లేదా సీడీహెచ్1 అనే సహాయక ప్రోటీన్ తోడుండాలి. డీ-బాక్స్ ఆ సహాయకానికీ ఏపీసీ10 అనే ఉపభాగానికీ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు యూబీఈ2సీ అనే ఈ2 మొదటి యుబిక్విటిన్లను అతికిస్తుంది, యూబీఈ2ఎస్ అనే మరో ఈ2 వాటిని 11వ లైసిన్ గొలుసులుగా పొడిగిస్తుంది. సీడీకే1లో ఈ గుర్తు లేదు. కాబట్టి రెండూ ఒకే జంటగా ఉన్నా గుర్తుపడేది ఒక్కదానికే.

అయితే డీ-బాక్స్ సైక్లిన్‌లో ఎప్పుడూ ఉండేదే కదా, మరి నాశనం ఆ సమయానికే ఎలా మొదలవుతుంది? ఈ వ్యవస్థలో నాకు ఎప్పటికీ అత్యంత అందంగా అనిపించేది ఈ భాగమే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

కణం మైటోసిస్‌లోకి వెళ్లగానే సైక్లిన్ బి1-సీడీకే1 జంట ఏపీసీ/సీ ఉపభాగాలను ఫాస్ఫోరిలేట్ చేస్తుంది, దాంతో సీడీసీ20 దానిమీద కూర్చోవడానికి చోటు తెరుచుకుంటుంది. అంటే సైక్లిన్ తనను నాశనం చేసే యంత్రాన్ని తానే సిద్ధం చేసుకుంటుంది. కానీ యంత్రం సిద్ధమైన వెంటనే పని మొదలుపెడితే క్రోమోజోములు కండె తంతువులకు సరిగా తగులుకోకముందే విడిపోతాయి. దాన్ని ఆపేది స్పిండిల్ చెక్‌పాయింట్. క్రోమోజోము మీద తంతువు తగులుకునే చోటును కైనెటోకోర్ అంటారు. ఏ కైనెటోకోర్‌కు తంతువు తగులుకోలేదో, ఆ కైనెటోకోర్ దగ్గర మ్యాడ్2 అనే ప్రోటీన్ ఆకారం మార్చుకుని సీడీసీ20ని బంధిస్తుంది. దానికి బబ్ఆర్1, బబ్3 తోడై మైటోటిక్ చెక్‌పాయింట్ కాంప్లెక్స్ తయారవుతుంది. అది ఏపీసీ/సీ మీదికెళ్లి డీ-బాక్స్ పట్టే చోటునే మూసేస్తుంది.

ఒక్క కైనెటోకోర్ మిగిలినా ఈ ఆపుదల బలంగానే ఉంటుంది. రీడర్ బృందం 1995లో పొటోరూ అనే చిన్న కంగారూజాతి జంతువు మూత్రపిండ కణాల్లో, తంతువు తగులుకోకుండా మిగిలిన చిట్టచివరి కైనెటోకోర్‌ను లేజర్‌తో కాల్చివేసి చూసింది. ఆ క్రోమోజోము రెండువైపులా తంతువులకు తగులుకోకపోయినా, ఆపుదల సంకేతం పంపే చోటు లేకుండా పోయింది కనుక సుమారు 17 నిమిషాలకు కణం అనాఫేజ్‌లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత 1999లో క్లూట్, పైన్స్ జంట సైక్లిన్ బి1కు వెలుగుచిమ్మే ప్రోటీన్‌ను తగిలించి, బతికున్న ఒక్కొక్క కణంలో దాని పరిమాణాన్ని నిమిషనిమిషానికీ కొలిచారు. చివరి క్రోమోజోము నడిమికి చేరి వరుసలో నిలిచిన క్షణం నుంచే సైక్లిన్ తగ్గడం మొదలైంది. తగ్గుతుండగా మధ్యలో తంతువులను దెబ్బతీసే మందు వేస్తే ఆ తగ్గుదల వెంటనే ఆగిపోయింది. మీరు నొకొడజోల్‌తో చేసింది ఇదే: తంతువులు లేకుండా చేసి, కైనెటోకోర్లన్నీ ఆపుదల సంకేతం పంపుతూ ఉండేలా చేశారు. మందు కడిగినప్పుడు కండె మళ్లీ కట్టుకోవడానికి అరగంటో, ఇంకాస్తో పట్టింది. ఆ తర్వాతే మీ బ్యాండ్ పడిపోవడం మొదలై ఉంటుంది. మొదటి అరగంట గీతలో తగ్గుదల కనిపించకపోతే ప్రయోగం చెడిపోయిందని కంగారు పడవద్దు.

చెక్‌పాయింట్ సడలగానే ఏపీసీ/సీ-సీడీసీ20 రెండు పనులు దాదాపు ఒకేసారి చేస్తుంది. సెక్యూరిన్ అనే ప్రోటీన్‌ను నాశనం చేస్తుంది, అప్పటిదాకా సెక్యూరిన్ పట్టి ఉంచిన సెపరేజ్ స్వేచ్ఛ పొంది, జంట క్రోమాటిడ్లను కట్టి ఉంచే కోహెసిన్ ఉంగరాన్ని కోసేస్తుంది. అలాగే సైక్లిన్ బి1ను నాశనం చేస్తుంది, దాంతో సీడీకే1 చల్లబడి, ఫాస్ఫటేజ్‌లు పైచేయి సాధించి, కండె విడిపోయి, కేంద్రక పొర మళ్లీ కట్టుకుంటుంది. ఈ రెండూ వేర్వేరు పనులని తేల్చిన ప్రయోగం కూడా చెప్పాలి. డీ-బాక్స్‌తో సహా మొదటి 90 అమైనో ఆమ్లాలు కత్తిరించిన అర్చిన్ సైక్లిన్ బిని కప్ప గుడ్ల సారంలో కలిపితే, అది నాశనం కాదు, సీడీకే1 చురుకుగానే ఉండిపోతుంది, సారం మైటోసిస్ దాటి బయటకు రాదు. అయినా క్రోమాటిడ్లు విడిపోతాయి! అంటే విడిపోవడానికి సైక్లిన్ పోనవసరం లేదు, ఇంకేదో పోవాలి. ఆ 'ఇంకేదో' సెక్యూరిన్ అని తర్వాత తేలింది.

సీడీకే1 చల్లబడితే ఇంకో మార్పు వస్తుంది. అప్పటిదాకా ఫాస్ఫేట్లతో దూరంగా ఉంచబడిన సీడీహెచ్1 ఇప్పుడు ఏపీసీ/సీ మీద కూర్చుంటుంది, మిగిలిన సైక్లిన్ బి1నే కాక సీడీసీ20ని కూడా నాశనం చేయిస్తుంది, జీ1 దశ అంతా కొత్తగా తయారయ్యే మైటోటిక్ సైక్లిన్లను పేరుకోనివ్వదు. ఫాస్ఫేట్ తీసేస్తే మళ్లీ పెట్టవచ్చు, కానీ ముక్కలైన ప్రోటీన్‌ను వెనక్కి తేలేము, మళ్లీ తయారు చేసుకోవలసిందే. అందుకే కణం వెనక్కి జారకూడని ఈ మలుపులో నాశనాన్నే వాడుకుంటుంది. జీ1 నుంచి ఎస్ దశకు వెళ్లేటప్పుడు సీడీకేలను అడ్డుకునే పీ27ను తొలగించే పనిని ఎస్‌సీఎఫ్ అనే వేరే ఈ3 చేస్తుంది. అక్కడ పద్ధతి తలకిందులుగా ఉంటుంది: ఈ3 ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, లక్ష్య ప్రోటీన్ ఫాస్ఫోరిలేట్ అయ్యాకే దాన్ని గుర్తుపడుతుంది. ఆ వివరాల్లోకి ఇక్కడ వెళ్లను, కానీ ఈ తేడా కింద నియంత్రణ ప్రయోగాల్లో మీకు పనికివస్తుంది.

ఇక మీ ఎంజీ132 దగ్గరకు వద్దాం. ఇది ప్రోటియాజోమ్‌లోని కోత స్థానాలను, ముఖ్యంగా బీటా5 ఉపభాగాన్ని అడ్డుకుంటుంది. కానీ కాల్‌పెయిన్లు, లైసోజోమ్‌లోని కాథెప్సిన్లను కూడా కొంతమేర అడ్డుకుంటుంది. కనుక ప్రోటీన్ నిలిచిందంటే అది ప్రోటియాజోమ్ వల్లనే అని తేలిపోదు. కనీసం మరో రసాయన కుటుంబానికి చెందిన బోర్టెజోమిబ్‌తోనో, ఎపాక్సోమైసిన్‌తోనో అదే ఫలితం వస్తుందో చూడండి.

అంతకన్నా పెద్ద ఉచ్చు కణచక్రానిదే, పరిశోధక విద్యార్థుల పట్టికల్లో నేను ఎక్కువసార్లు చూసింది కూడా దీన్నే. విడివిడి దశల్లో ఉన్న మామూలు కణాల మీద ఆరేడు గంటలు ఎంజీ132 వేస్తే, మైటోసిస్‌లోకి వెళ్లినవి మెటాఫేజ్‌లోనే ఆగిపోతాయి, ఎందుకంటే సైక్లినూ పోదు, సెక్యూరినూ పోదు. అప్పుడు మైటోసిస్‌లో మాత్రమే ఎక్కువగా ఉండే ఏ ప్రోటీన్ అయినా బ్లాట్‌లో పెరిగినట్టే కనిపిస్తుంది, దానికీ ప్రోటియాజోమ్‌కూ నేరుగా సంబంధం లేకపోయినా సరే. మీరు కణాలను ఒకే దశకు తెచ్చి చేశారు కనుక ఆ ప్రమాదం తగ్గింది, కానీ దాని జంట ప్రమాదం ఒకటుంది. నొకొడజోల్ సరిగా కడగకపోతే ఏ నిరోధకమూ లేకుండానే సైక్లిన్ నిలిచిపోతుంది. కాబట్టి ప్రతి సమయ బిందువు దగ్గరా ఒక కవర్‌స్లిప్ కూడా తీసి, డీఎన్‌ఏకు రంగువేసి చూడండి. ఎంజీ132 ఉన్న కణాల్లో క్రోమోజోములు నడిమిలో చక్కగా వరుసకట్టి, విడిపోకుండా నిలిచి ఉంటే చెక్‌పాయింట్ సడలి, నాశనం మాత్రమే ఆగిందని అర్థం చేసుకోవచ్చు. క్రోమోజోములు చిందరవందరగా చెల్లాచెదరై ఉంటే మందు పూర్తిగా పోలేదు, ఆ నమూనాతో ఏమీ చెప్పవద్దు. అలాగే నొకొడజోల్‌లో కణాలను మరీ ఎక్కువసేపు ఉంచవద్దు. చెక్‌పాయింట్ బిగిసి ఉన్నా సైక్లిన్ బి1 నెమ్మదిగా కారిపోతూనే ఉంటుంది, చివరికి కొన్ని కణాలు విభజన లేకుండానే మైటోసిస్ నుంచి జారిపోతాయి. తేలికగా తట్టితే ఊడివచ్చే గుండ్రటి కణాలనే సేకరించడం మంచిది.

యుబిక్విటిన్ ఉందని నేరుగా చూపాలంటే ఇలా చేయండి. మందు కడిగాక ఎంజీ132లో ఉంచిన కణాలను ఒక శాతం ఎస్‌డీఎస్ ఉన్న ద్రావణంలో, ఎన్-ఇథైల్‌మాలియిమైడ్ 10 మిల్లీమోలార్ కలిపి చీల్చండి, 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు మరిగించండి. ఆ తర్వాత ఎస్‌డీఎస్ లేని ద్రావణంతో పదింతలు పలచన చేసి, సైక్లిన్ బి1 యాంటీబాడీతో ఇమ్యునోప్రెసిపిటేషన్ చేసి, యుబిక్విటిన్ యాంటీబాడీతో బ్లాట్ చేయండి. ఎన్-ఇథైల్‌మాలియిమైడ్ ఎందుకంటే, కణం చీలగానే యుబిక్విటిన్‌ను విడదీసే ఎంజైములు నిమిషాల్లో గొలుసులను కోసేస్తాయి, వాటిలో ఎక్కువ వాటి పని సిస్టీన్ మీదే ఆధారపడి ఉంటుంది, ఈ రసాయనం ఆ సిస్టీన్‌ను మూసేస్తుంది. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నేను దీన్ని కలపకుండా మూడు వారాలు పనిచేశాను, బ్లాట్‌లో ఏమీ కనబడక నా ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అతకదనే నిర్ణయానికి వచ్చేశాను. సీనియర్ ఒకరు నా ద్రావణం వివరాలు చదివి ఒక్క మాటలో లోపం చెప్పారు. అయితే డీటీటీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ ఈ రసాయనాన్ని నిర్వీర్యం చేస్తాయి, చీల్చే ద్రావణంలో వాటిని కలపవద్దు.

మరిగించడం ఇంకో కారణానికి. ఎస్‌డీఎస్‌తో బంధాలు విప్పకపోతే, సైక్లిన్‌తో కలిసివచ్చిన వేరే ప్రోటీన్ మీది యుబిక్విటిన్ కూడా మీ బ్లాట్‌లో కనిపించి, అది సైక్లిన్‌దే అనిపిస్తుంది. మరిగించాక మిగిలేది సమయోజనీయంగా అతికినది మాత్రమే. బ్లాట్‌లో సైక్లిన్ బ్యాండ్‌కు పైన, సుమారు 60 కిలోడాల్టన్ల నుంచి పైకి, మెట్లుగా మొదలై పొగలా పాకిన మరక కనిపించాలి. దిగువ మెట్ల మధ్య దూరం సుమారు ఎనిమిది కిలోడాల్టన్లకు దగ్గరగా ఉంటే అది యుబిక్విటిన్ అనుకోవడానికి బలం వస్తుంది. అదే నమూనాలో పక్క గీతగా మామూలు ఐజీజీతో చేసిన ప్రెసిపిటేషన్ తప్పనిసరి.

చివరగా అతికించే వ్యవస్థనే ఆపి చూడండి. ఈ1ను అడ్డుకునే టాక్-243 కలిపితే, ప్రోటియాజోమ్ బాగానే ఉన్నా గొలుసులు తయారుకావు, అప్పుడూ సైక్లిన్ నిలిస్తే యుబిక్విటిన్ అవసరమని మీ దగ్గర నేరైన ఆధారం ఉన్నట్టు. ఆపైన ఎంఎల్ఎన్4924 వేసి చూడండి. అది యుబిక్విటిన్ లాంటి మరో చిన్న ప్రోటీన్ అయిన నెడ్8 అతికే పనిని ఆపి ఎస్‌సీఎఫ్ లాంటి కల్లిన్ లైగేజ్‌లను మూసేస్తుంది, ఏపీసీ/సీ మాత్రం నెడ్8 మీద ఆధారపడదు. మందు కడిగేటప్పుడు కలిపితే సైక్లిన్ బి1 యథాప్రకారం తగ్గాలి, తగ్గితే మీ ఈ3 ఎస్‌సీఎఫ్ కుటుంబానికి చెందదని తెలుస్తుంది. డీ-బాక్స్‌లోని ఆర్జినిన్, ల్యూసిన్‌లను అలనిన్లుగా మార్చిన సైక్లిన్ ప్లాస్మిడ్ మీ దగ్గర ఉంటే, దాన్ని అసలు సైక్లిన్‌తో పాటు పక్కపక్కనే నడపండి. ఆ మార్చిన సైక్లిన్ ఎంజీ132 లేకుండానే నిలిచి, అసలుది పడిపోతే, "మెటాఫేజ్ దాటాక సైక్లిన్ బి1 డీ-బాక్స్ ద్వారా ఏపీసీ/సీ గుర్తింపుకు లోనై, యుబిక్విటిన్ అతికి, ప్రోటియాజోమ్‌లో నాశనమవుతోంది" అని నిబ్బరంగా రాయవచ్చు. ప్రస్తుతం మీ దగ్గరున్నదానితో అయితే, "ఎంజీ132 సమక్షంలో సైక్లిన్ బి1 నిలిచిపోయింది, ఇది ప్రోటియాజోమ్ ప్రమేయాన్ని సూచిస్తోంది" అన్న దగ్గరే ఆగండి. ఎస్‌డీఎస్‌తో మరిగించి చేసిన బ్లాట్ వచ్చాక పెట్టండి, గొలుసుల మెట్లు ఎలా ఉన్నాయో చూసి చెబుతాను.